అలర్జీ తగ్గిన ఐదు గంటలకి మళ్లీ ఎందుకు తిరగబెట్టింది?

"మా బాబుకి 9 ఏళ్లు, బరువు 26 కేజీలు, వేరుశెనగ పడదు. మొన్న సాయంత్రం 5 గంటలకి ఎవరో ఇచ్చిన బిస్కెట్ తిన్నాడు. ఐదు నిమిషాల్లో పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఆగని దగ్గు, ఒకసారి వాంతి. ముందు అలర్జీ సిరప్ పట్టి చూశాం, తగ్గకపోయేసరికి 5:45కి అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ వేశాం. 6:15కల్లా మామూలైపోయాడు. ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి 8:15కి పంపేశారు. రాత్రి 11:30కి మళ్లీ దద్దుర్లు, పిల్లికూతలు! మధ్యలో ఏమీ తినలేదు. రెండో పెన్ చేతిలోనే ఉంది కానీ ఒకే రోజు రెండోసారి వేయొచ్చో లేదో తెలియక అలాగే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు. అసలు ఇలా ఎందుకు తిరగబెట్టింది? అప్పుడు పెన్ వేయాల్సిందా?"

వేయాల్సిందేనండి. పిల్లికూతలు వినపడగానే ఇంట్లోనే వేసి, ఆ తర్వాత ఆసుపత్రికి బయల్దేరాల్సింది. ఒకే రోజు రెండోసారి వేయకూడదన్న నియమం ఏదీ లేదు. సాయంత్రం వేసిన మందు రాత్రి 11:30కి ఒంట్లో మిగిలి ఉండదు కాబట్టి డోసు ఎక్కువైపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. అంతెందుకు, మొదటి పెన్ వేశాక 5 నిమిషాలకి కూడా ఊపిరి తేలిక పడకపోతే వెంటనే రెండోది వేయమనే మేం చెబుతాం. రెండు పెన్‌లు ఇచ్చేది అందుకే. ఒకటి ఇంట్లో, ఒకటి స్కూల్లో అని విడదీసి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, దానివల్ల ఎక్కడ అవసరం పడితే అక్కడ ఒకటే ఉంటుంది. దయచేసి రెండూ ఎప్పుడూ బాబు వెంటే ఉంచండి.

నేను 16 ఏళ్లుగా ఎమర్జెన్సీలో డాక్టర్‌గా పనిచేస్తున్నాను. మీరు టైములు ఇంత స్పష్టంగా రాశారు కాబట్టి ఆ రోజు ఏం జరిగిందో వాటిని పట్టుకునే చెబుతాను. మీది తప్పు అని చెప్పడానికి కాదు, మీ స్థానంలో ఎవరున్నా చాలావరకు ఇలాగే చేస్తారు.

ముందు సాయంత్రం 5:05 సంగతి. పెదాల వాపు, దద్దుర్లు అంటే అది చర్మం. ఆగని దగ్గు అంటే ఊపిరి. వాంతి అంటే కడుపు. పడని వస్తువు తిన్న కాసేపట్లో ఇలా ఒంట్లో రెండు మూడు చోట్ల ఒకేసారి గొడవ మొదలైతే అది మామూలు అలర్జీ కాదు, అనాఫిలాక్సిస్. దద్దుర్లు ఒక్కటే ఉండి పిల్లాడు హాయిగా ఆడుకుంటుంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. దానికి దగ్గు తోడైన నిమిషమే లెక్క మారిపోయింది. మీ బాబుకి పెన్ వేయాల్సిన టైము అదే, 5:05.

ఇంకో మాట, దద్దుర్లు లేకుండా కూడా అనాఫిలాక్సిస్ వస్తుంది. 100 మందిలో 10 నుంచి 20 మందికి చర్మం మీద ఏమీ కనపడదు. పడదని తెలిసిన వస్తువు తిన్నాక గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి కూలబడినా ఆ ఒక్కటి చాలు, దద్దుర్ల కోసం చొక్కా విప్పి వెతుకుతూ కూర్చోవద్దు. పిల్లలు ఈ మాటలు మనలా చెప్పలేరు. "నాలుక లావుగా ఉంది", "గొంతులో ఏదో ఇరుక్కుంది" అంటారు, లేదా ఏమీ అనకుండా ఉన్నట్టుండి నీరసంగా ఒళ్లో వాలిపోతారు. ఆ వాలిపోవడాన్ని నిద్ర అనుకుని పడుకోబెట్టిన సందర్భాలు నేను చూశాను.

ఇక సిరప్ సంగతి. అలర్జీ సిరప్ హిస్టమిన్ అనే ఒక్క పదార్థాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. పనిచేయడం మొదలుపెట్టడానికే అరగంట పైన పడుతుంది, చేసినా దురద, దద్దుర్లు తగ్గించగలదు అంతే. గొంతు వాపుని దించదు, ఊపిరి గొట్టాల్ని తెరవదు, పడిపోతున్న బీపీని నిలబెట్టదు. ఇవన్నీ ఒకేసారి చేసేది అడ్రినలిన్ ఒక్కటే. రక్తనాళాల్ని బిగించి బీపీని, వాపుని సరిచేస్తుంది, ఊపిరి గొట్టాల్ని వదులు చేస్తుంది, అసలు ఆ పదార్థాల్ని వదులుతున్న కణాల్ని కూడా నెమ్మదింపజేస్తుంది. సిరప్ ఇవ్వడం వల్ల హాని లేదు, దాని కోసం ఎదురుచూడటంలోనే ఉంది ప్రమాదం. చర్మం మీద ఎరుపు తగ్గుతుంటే మనసు కుదుటపడుతుంది, లోపల ఊపిరి మాత్రం బిగుసుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, 11:30కి ఎందుకు తిరగబెట్టింది అని.

మన చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో మాస్ట్ సెల్స్ అని ఉంటాయి. ఒక్కో కణం లోపల హిస్టమిన్ లాంటివి ముందే తయారై చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటాయి. వేరుశెనగ ప్రొటీన్ రక్తంలోకి చేరగానే ఆ సంచులు ఒక్కసారిగా బయటికి కుమ్మరించుకుంటాయి. సాయంత్రం ఐదు నిమిషాల్లో మీరు చూసింది అదే. కానీ ఆ కణం పని అక్కడితో అయిపోదు. సంచులు ఖాళీ చేసిన దగ్గర్నుంచే కొత్త పదార్థాలు తయారుచేయడం మొదలుపెడుతుంది. వాటిలో లూకోట్రయీన్లు లాంటివి కొన్ని నిమిషాల్లోనే తయారై ఊపిరి గొట్టాల్ని గట్టిగా బిగిస్తాయి. మరికొన్ని గంటలకొద్దీ నెమ్మదిగా తయారవుతూ, రక్తంలో తిరుగుతున్న ఇయోసినోఫిల్స్ లాంటి ఇతర తెల్లకణాల్ని "ఇక్కడికి రండి" అని పిలుస్తాయి. అవి వచ్చి చేరడానికి టైము పడుతుంది. చేరాక అవీ తమ దగ్గరున్నవి వదులుతాయి. అంటే బయటికి పిల్లాడు మామూలుగా కనపడుతున్న ఆ ఐదు గంటలూ లోపల రెండో అల తయారవుతూ ఉండొచ్చు.

దీనికి తోడు తిన్న బిస్కెట్ సంగతి ఉంది. ఒక వాంతితో అంతా బయటికి వచ్చేయదు, మిగిలింది పేగుల్లో అరుగుతూ రక్తంలోకి కొంచెం కొంచెంగా చేరుతూనే ఉంటుంది. అందుకే "మధ్యలో ఏమీ తినలేదు" అని మీరు అనుకున్నా, సాయంత్రం తిన్నదే ఇంకా లోపల ఉండి ఉండొచ్చు. అడ్రినలిన్ మాత్రం చాలా కొద్దిసేపే పనిచేస్తుంది, దాని బలం కాస్త అటూ ఇటూగా పావుగంట, ఇరవై నిమిషాలు. అది మంటని ఆర్పుతుంది గానీ కట్టెల్ని తీసేయదు. ఫలానా పిల్లాడికి రెండో అల వీటిలో దేనివల్ల వచ్చిందో వేలుపెట్టి చెప్పే పరీక్ష లేదు, చాలాసార్లు అన్నీ కలిసే ఉంటాయి.

ఇలా పూర్తిగా తగ్గి, మళ్లీ ఆ పదార్థం తగలకుండానే తిరగబెట్టడాన్ని బైఫేసిక్ రియాక్షన్ అంటారు. 100 మందిలో సుమారు 5 మందికి వస్తుంది. ఎక్కువగా మొదటి 12 గంటల్లోనే వస్తుంది, అరుదుగా 72 గంటల దాకా కూడా రావచ్చు. రెండోసారి వచ్చేది మొదటిదానికంటే తేలికగా ఉండొచ్చు, అంతే బలంగా ఉండొచ్చు, ఇంకా ఎక్కువగానూ ఉండొచ్చు. మొదటిది ఎలా ఉందో చూసి రెండోదాన్ని ఊహించలేం.

ఎవరికి తిరగబెట్టే అవకాశం ఎక్కువ అంటే, మొదటి రియాక్షన్ తీవ్రంగా ఉన్నవాళ్లకి, తగ్గడానికి ఒకటికంటే ఎక్కువ డోసులు పట్టినవాళ్లకి, ఏం పడలేదో తెలియనివాళ్లకి, అడ్రినలిన్ ఆలస్యంగా అందినవాళ్లకి, ముఖ్యంగా గంట దాటాక అందినవాళ్లకి. మీది 40 నిమిషాలు. ఆలస్యం వల్లే మీ బాబుకి తిరగబెట్టిందని నేను అనను, అలా ఎవరూ ఖాయంగా చెప్పలేరు, వెంటనే వేసినవాళ్లకి కూడా అప్పుడప్పుడు వస్తుంది. మీరు ఆ బరువు నెత్తిన పెట్టుకోవద్దు.

స్టెరాయిడ్ ఇచ్చారు కదా, మరి ఎందుకు ఆపలేదు అని కూడా మీకు సందేహం వచ్చి ఉంటుంది. రెండో అల రాకుండా ఉంటుందన్న ఆశతో చాలా ఏళ్లు మేం అందరికీ స్టెరాయిడ్ ఇచ్చాం. నేను కూడా అలాగే నేర్చుకున్నాను, అలాగే ఇచ్చాను. తర్వాత వచ్చిన పరిశీలనల్లో అది తిరగబెట్టకుండా ఆపుతుందన్న రుజువు దొరకలేదు. అందుకే ఇప్పటి మార్గదర్శకాల్లో అది ప్రతి ఒక్కరికీ ఇవ్వాల్సిన మందు కాదు. ఆస్తమా కూడా ఉన్నవాళ్లకి ఇస్తే అర్థం ఉంది. "స్టెరాయిడ్ పడింది కదా, ఇంక ఫర్వాలేదు" అన్న ధైర్యం మాత్రం వద్దు.

ఆసుపత్రిలో ఎంతసేపు ఉండాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. బ్రిటన్ రిససిటేషన్ కౌన్సిల్ 2021లో ఇచ్చిన మార్గదర్శకం నాకు బాగా వాడుకలో పనికొస్తుంది. పూర్తిగా తగ్గాక 2 గంటలకే పంపాలంటే కొన్ని షరతులు పెట్టారు. రియాక్షన్ మొదలైన 30 నిమిషాల లోపు అడ్రినలిన్ పడి ఉండాలి, ఒక్క డోసుకే 5, 10 నిమిషాల్లో గుణం కనపడి ఉండాలి, లక్షణాలన్నీ పూర్తిగా పోవాలి, ఇంటికెళ్లేటప్పుడు చేతిలో వాడని పెన్‌లు ఉండి అవి వాడటం వచ్చి ఉండాలి, ఇంట్లో చూసుకునే మనిషి ఉండాలి. రెండు డోసులు పట్టినా, గతంలో ఒకసారి తిరగబెట్టి ఉన్నా కనీసం 6 గంటలు. రెండుకంటే ఎక్కువ డోసులు పట్టినా, తీవ్రమైన ఆస్తమా ఉన్నా, రాత్రి పొద్దుపోయాక వచ్చినా, ఇల్లు ఆసుపత్రికి అందనంత దూరమైనా కనీసం 12 గంటలు. ఇవన్నీ లక్షణాలు తగ్గిన టైము నుంచి లెక్క, ఆసుపత్రిలో అడుగుపెట్టిన టైము నుంచి కాదు.

మీ బాబుకి మందు పడింది 40 నిమిషాలకి, అంటే మొదటి షరతు దగ్గరే ఆగిపోయింది. 2 గంటలకి పంపే కేసు కాదు. 6:15కి తగ్గింది కాబట్టి ఆరు గంటలు ఉంచి ఉంటే 12:15 దాకా అక్కడే ఉండేవాడు, 11:30కి తిరగబెట్టినప్పుడు పక్కనే నర్సు ఉండేది. ఇకమీదట ఎప్పుడైనా ఇలా వెళ్తే ముందే ఈ మాట చెప్పండి: "పోయినసారి ఐదు గంటలకి తిరగబెట్టింది". ఆ ఒక్క మాటతో మీరు 6 గంటల లెక్కలోకి వస్తారు. వద్దన్నా అడిగి ఉండండి.

డోసు గురించి కూడా ఒకటి చూడాలి. అడ్రినలిన్ కేజీకి 0.01 మిల్లీగ్రాము చొప్పున వేస్తాం, అంటే 26 కేజీలకి 0.26 మిల్లీగ్రాము. పెన్‌లు ఎక్కువగా 0.15, 0.3 సైజుల్లో వస్తాయి. మీ దగ్గరున్నది ఏదో రాయలేదు. చిన్నప్పుడు రాసిచ్చిన 0.15 పెన్‌నే ప్రతి ఏడాదీ మళ్లీ మళ్లీ తీసుకుంటూ ఉంటే ఇప్పుడు బాబుకి అందుతున్నది కావాల్సినదాంట్లో సగం చిల్లర మాత్రమే. కొన్ని పెన్‌ల పెట్టె మీద 30 కేజీల దాకా 0.15 అనే ఉంటుంది, కానీ అలర్జీ స్పెషలిస్టుల్లో చాలామంది 25 కేజీలు దాటగానే 0.3కి మారుస్తారు. 0.04 ఎక్కువ పడటం వల్ల ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి వచ్చే ఇబ్బంది కాసేపు గుండె దడ, వణుకు. తక్కువ పడటం వల్ల వచ్చే ఇబ్బంది అంతకంటే చాలా పెద్దది. ఈ వారంలోనే మీ డాక్టర్‌ని అడగండి.

పెన్ వేయడం మీకు వచ్చు, అయినా కంగారులో జరిగే పొరపాట్లు చెబుతాను. ఒకావిడ మా దగ్గరికి కూతుర్ని ఎత్తుకుని వచ్చింది, పెన్ వేశానంది. పాప ఆయాసం ఏమాత్రం తగ్గలేదు. ఆవిడ కుడి బొటనవేలు మాత్రం సుద్దముక్కలా తెల్లగా, చల్లగా ఉంది. పెన్‌ని తలకిందులుగా పట్టుకుని, బాల్‌పెన్ నొక్కినట్టు బొటనవేలితో నొక్కింది, సూది వేలిలోకి దిగింది. రక్తనాళాలు బిగుసుకుని వేలు తెల్లబడింది. పాపకి మేం మందు వేశాం, తల్లి వేలికీ వైద్యం చేశాం, ఇద్దరూ బాగానే ఇంటికి వెళ్లారు. అప్పట్నుంచి నేను ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతాను, పెన్‌ని రోకలిని పట్టినట్టు పిడికిట్లో పట్టండి, బొటనవేలు ఏ చివరా ఆనకూడదు.

ఎక్కువగా కనపడే రకంలో నీలం మూత ఆకాశం వైపు, నారింజ రంగు కొన తొడ వైపు. నీలం మూత తీశాకే అది పేలుతుంది. తొడకి బయటి పక్క, నడుముకీ మోకాలికీ సరిగ్గా మధ్యలో ఆనించి గట్టిగా నొక్కండి, టిక్‌మని చప్పుడు వస్తుంది, అప్పుడు లెక్కపెట్టండి. ఒక రకం పెన్‌కి 3 సెకన్లు, ఇంకో రకానికి 10, మీదాని మీద ఏం రాసి ఉందో ఇవాళే చదివి పెట్టుకోండి. బట్టల మీదుగానే వేయొచ్చు, జేబులో ఏదీ లేకుండా, మందపాటి కుట్టు మీద పడకుండా చూసుకుంటే చాలు. పిల్లాడైతే ముందు కాలు కదలకుండా పట్టుకోవాలి, సూది లోపల ఉండగా తన్నితే చర్మం చీరుకుపోతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని అతని కాళ్లని మీ కాళ్ల మధ్య ఇరికించి, ఒక చెయ్యి మోకాలి పైన గట్టిగా వేసి పట్టుకోండి.

వేశాక పెన్‌లో ఇంకా మందు కనపడుతుంది. చాలామంది అది చూసి పడలేదనుకుని అదే పెన్‌తో మళ్లీ పొడవాలని చూస్తారు. కొన్ని రకాల్లో 2 మిల్లీలీటర్లు ఉంటే లోపలికి వెళ్లేది 0.3 మాత్రమే, మిగతాది అలాగే ఉండిపోతుంది, ఆ పెన్ మళ్లీ పనిచేయదు. నారింజ కొన పొడుగ్గా సాగి సూదిని కప్పేసిందంటే మందు పడినట్టే. ఆ తర్వాత కాసేపు బాబు పాలిపోవడం, చేతులు వణకడం, గుండె దడదడలాడటం మందు లక్షణాలే, దానికి టెన్షన్ పడొద్దు. పావుగంటలో సర్దుకుంటాయి.

తొడే ఎందుకంటే అక్కడ కండ పెద్దది, రక్తం బాగా పారుతుంది. పిల్లల్లో చేసిన ఒక పరిశీలనలో తొడ కండలో వేసిన అడ్రినలిన్ రక్తంలో గరిష్ఠానికి చేరడానికి సగటున 8 నిమిషాలు పట్టింది, చర్మం కింద వేస్తే 34 నిమిషాలు.

పెన్ వేశాక అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా బాబుని ఎలా ఉంచుతారన్నది కూడా మందంత పని చేస్తుంది. మీరు "ఎత్తుకుని పరిగెత్తాం" అని రాశారు చూడండి, నాకు అక్కడే గుండె ఆగినట్టయింది. అనాఫిలాక్సిస్‌లో రక్తనాళాలు వదులైపోయి రక్తం కాళ్లలోకి జారుతుంది. అలాంటప్పుడు నిలబెడితే, నిటారుగా ఎత్తుకుంటే గుండెకి తిరిగి వచ్చే రక్తం ఒక్కసారిగా తగ్గిపోతుంది. పడుకున్న మనిషిని లేపి నిలబెట్టిన కొద్ది క్షణాల్లోనే గుండె ఆగిన కేసులు వైద్య రికార్డుల్లో ఉన్నాయి. కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టండి. ఆయాసంతో పడుకోలేకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టండి, వాంతులవుతుంటే పక్కకి తిప్పండి. తగ్గినట్టు అనిపించినా బాత్రూంకి కూడా నడిపించొద్దు. ఆసుపత్రికి మోయాల్సి వస్తే పడుకోబెట్టే మోయండి.

రాత్రి నాలుగు దద్దుర్లు మాత్రమే తిరిగి వచ్చి ఇంకేమీ లేకపోతే సిరప్ ఇచ్చి, పెన్ చేతిలో పట్టుకుని పక్కనే కూర్చోండి, ఆసుపత్రికి బయల్దేరే ఏర్పాటు చేసుకోండి. దగ్గు, పిల్లికూతలు, గొంతు మార్పు, వాంతులు, నీరసం వీటిలో ఏది కలిసినా పెన్. బాబుకి ఆస్తమా ఇన్‌హేలర్ ఉంటే ముందు పెన్, తర్వాత ఇన్‌హేలర్, ఈ వరస మార్చొద్దు. రియాక్షన్ వచ్చిన రాత్రి మీ గదిలోనే పడుకోబెట్టుకుని ఎవరో ఒకరు అప్పుడప్పుడు లేచి ఊపిరి వినండి.

ఒక పెన్ వాడేశారు కాబట్టి ఇప్పుడు మీ దగ్గర ఒకటే మిగిలింది, రెండోది తెచ్చుకునేదాకా ఆలస్యం చేయొద్దు. మిగిలినదాని ఎక్స్‌పైరీ చూడండి, కిటికీలాంటి గాజులోంచి మందు నీళ్లలా తేటగా ఉండాలి, గోధుమ రంగులోకి తిరిగినా, మడ్డిగా ఉన్నా మార్చేయండి. ఫ్రిజ్‌లోనూ, ఎండలో ఆగిన కారులోనూ పెట్టొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు సూది లేని ట్రైనర్ పెన్ అడిగి తెచ్చుకుని ఇంట్లో అందరూ తలా పదిసార్లు సొంత తొడ మీద వేసుకుని చూడండి, బాబుతో కూడా వేయించండి, తొమ్మిదేళ్ల పిల్లాడు నేర్చుకోగలడు. ఆ పెన్ మీద 0.15 ఉందో 0.3 ఉందో ఇక్కడ రాయండి.